కొత్త ఫోను, కొత్త సిమ్: బ్యాంకు ఎందుకు ఆపుతుంది, "నమ్మిన పరికరం" అంటే ఏమిటి

> మాది ఆకివీడు దగ్గర. చెరువు గట్టు మీద ఉండగా ఫోను నీళ్లలో పడిపోయింది. భీమవరంలో కొత్త ఫోను కొని, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాను. పాస్‌వర్డ్, పిన్ అన్నీ నాకు గుర్తే. అయినా మొదటి రోజంతా యాప్ నమోదు కాలేదు, రెండో రోజు ఐదు వేలకు మించి పంపనివ్వలేదు. మా అబ్బాయి కంప్యూటర్లో నెట్ బ్యాంకింగ్ తెరిచి Trust this device అని టిక్ పెట్టినా మళ్లీ మళ్లీ అడుగుతోంది. మేత బాకీ కట్టాలి. నా డబ్బు నేను తీసుకోవడానికి ఇన్ని తనిఖీలు ఎందుకు? ఈ నమ్మిన పరికరం సెట్టింగు అసలు ఏం చేస్తుంది?

ముందు సూటిగా సమాధానం చెబుతాను. మీకు పాస్‌వర్డ్ తెలుసా లేదా అన్నది ఇక్కడ బ్యాంకుకు పెద్ద ప్రశ్న కాదు. పాస్‌వర్డ్, పిన్, కార్డు నంబరు, చివరికి ఓటీపీ కూడా ఒకరి నుంచి ఇంకొకరికి ఫోనులో చెప్పగలిగే విషయాలే. చెప్పడానికి వీలుకానివి రెండే: మీ చేతిలోని ఫోను, అందులోని సిమ్. అందుకే బ్యాంకు మీ ఖాతాను ఆ రెండింటితో ముడివేసి ఉంచుతుంది. మీ విషయంలో రెండూ ఒకే పూట మారిపోయాయి. సిమ్ మారినందుకు ఒక రోజు ఆగవలసి వచ్చింది, ఫోను మారినందుకు మరొక రోజు పరిమితి పడింది. మీ తప్పేమీ లేదు, బ్యాంకు సిబ్బంది నిర్లక్ష్యమూ కాదు. ఇక మీ అబ్బాయి కంప్యూటర్లో పెట్టిన టిక్ వేరే సంగతి. అది ఆ ఒక్క బ్రౌజరులో లాగిన్‌కు మాత్రమే పనికివచ్చే గుర్తు. డబ్బు పంపేటప్పుడు అడిగే ఓటీపీని అది ఎప్పటికీ తీసివేయదు.

నేను చాలాకాలం ఒక బ్యాంకులో డిజిటల్ సేవల విభాగంలో పనిచేశాను. పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు శాఖల నుంచి వచ్చే ఇలాంటి ఫిర్యాదులను పరిశీలించడమే నా పని. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫోను ఖాతాతో ఎలా ముడిపడుతుంది

కొత్త ఫోనులో బ్యాంకు యాప్‌ను గానీ యూపీఐ యాప్‌ను గానీ మొదటిసారి తెరిచినప్పుడు, "మీ నంబరును సరిచూస్తున్నాం" అని కొన్ని క్షణాలు తెర మీద చక్రం తిరుగుతుంది. ఆ క్షణాల్లో యాప్ మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి పంపుతుంది. అందులో మనకు అర్థం కాని అక్షరాలూ అంకెలూ కలగలిసి ఉంటాయి. ఆ సందేశం ఏ నంబరు నుంచి వచ్చిందో అవతలి వ్యవస్థ చూసి, ఆ నంబరు బ్యాంకులో నమోదైనదే అయితే, "ఈ సిమ్ ఈ ఫోనులోనే ఉంది" అని నిర్ధారించుకుంటుంది. ఓటీపీ మనకు వచ్చే సందేశం. ఇది మన దగ్గర నుంచి వెళ్లే సందేశం. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, కింద చెప్పబోయే కేసుకు ఇదే కీలకం.

సందేశం సరిపోయిన తరువాత, భద్రత బాగా పాటించే యాప్‌లు ఫోను లోపలి భద్రమైన చిప్పులో ఒక రహస్య తాళంచెవిని తయారుచేస్తాయి. దాని జోడీ బ్యాంకు దగ్గర ఉంటుంది. రహస్య భాగం మాత్రం ఆ చిప్పును దాటి బయటికి రాదు. తరువాత మీరు ఎప్పుడు లాగిన్ అయినా, బ్యాంకు పంపిన ప్రశ్నకు ఆ చెవితో సంతకం చేసి ఫోనే సమాధానం ఇస్తుంది. "నమ్మిన పరికరం" అనే మాటకు మొబైల్ యాప్‌లో అసలు అర్థం ఇదే.

దీనివల్ల ఒక పర్యవసానం ఉంది. పాత ఫోను బ్యాకప్‌ను కొత్త ఫోనులోకి దించుకున్నప్పుడు ఫొటోలు వస్తాయి, వాట్సాప్ వస్తుంది, బ్యాంకు యాప్ బొమ్మ కూడా వస్తుంది, కానీ ఆ తాళంచెవి రాదు. రాకూడదు కూడా. అది నకలు తీయగలిగినదైతే, మీ బ్యాకప్ చేజిక్కించుకున్న ఎవరైనా మీ ఫోనుగా చలామణీ కావచ్చు. యాప్‌ను తీసివేసి మళ్లీ పెట్టుకున్నా, యాప్ డేటాను చెరిపినా, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసినా చెవి పోతుంది. అప్పుడు చేతిలో ఉన్నది అదే పాత ఫోనైనా బ్యాంకు దృష్టిలో కొత్త ఫోనే.

ఎవరూ చెప్పని ఇంకొక కారణం వేలిముద్ర. మీ ఫోనులో ఇంట్లో ఇంకొకరి వేలిముద్ర కొత్తగా చేర్చారనుకోండి. వేలిముద్రతో తెరుచుకునేలా పెట్టిన చెవులను ఆండ్రాయిడ్ మామూలుగా ఆ క్షణంలోనే రద్దుచేస్తుంది, ఎందుకంటే కొత్తగా చేరిన వేలు ఎవరిదో యాప్‌కు తెలియదు. మర్నాడు బ్యాంకు యాప్ వేలిముద్రను ఒప్పుకోకుండా, యాప్ తెరవడానికి పెట్టుకున్న పిన్, అంటే ఎంపిన్, మళ్లీ అడుగుతుంది. "నిన్నటిదాకా బాగానే పనిచేసిందండీ" అని శాఖకు వచ్చేవారిని ముందుగా నేను అడిగే ప్రశ్న, ఇంట్లో పిల్లలెవరైనా వేలు పెట్టారా అని.

మీ రెండు రోజులు ఎలా గడిచాయి

మీరు వేళలు రాయలేదు కాబట్టి ఒక ఉదాహరణగా లెక్క చూద్దాం. మంగళవారం సాయంత్రం ఫోను పోయింది. బుధవారం ఉదయం 11 గంటలకు కొత్త సిమ్ పనిచేయడం మొదలుపెట్టింది, కాల్స్ వస్తున్నాయి, ఇంటర్నెట్టూ ఉంది. అయితే టెలికాం శాఖ నిబంధన ప్రకారం సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రావు, దాని నుంచి పోవు. ఎవరైనా మీ పేరుతో నకిలీ పత్రాలు పెట్టి మీ నంబరుకు మారు సిమ్ తీసుకుంటే, మీ చేతిలోని సిమ్ మూగబోతుంది. ఆ సంగతి గమనించి ఫిర్యాదు చేయడానికి మీకు దొరికే వ్యవధే ఆ 24 గంటలు. బుధవారం మీరు యాప్‌ను ఎన్నిసార్లు తెరిచినా పై సందేశం బయటికి వెళ్లలేదు కనుక నమోదు కాలేదు. ఇలాంటప్పుడు యాప్ అసలు కారణం చెప్పకుండా "కాసేపాగి ప్రయత్నించండి" అని మాత్రమే చూపడం నాకు ఎప్పుడూ చిరాకు కలిగించే విషయం. సగం ఫిర్యాదులు ఆ ఒక్క వాక్యం వల్లనే పుట్టేవి.

గురువారం 11 దాటాక సందేశం వెళ్లింది. 11:30కి ఫోను నమోదైంది. ఇప్పుడు రెండో గడియారం మొదలవుతుంది. యూపీఐలో కొత్తగా నమోదైన పరికరం నుంచి మొదటి 24 గంటల్లో పంపగలిగేది సాధారణంగా మొత్తం 5,000 రూపాయలు. ఐఫోను అయితే ఈ గడువు 72 గంటల దాకా ఉంటుంది. కాబట్టి శుక్రవారం 11:30 వరకు మీరు మేత బాకీ యూపీఐలో కట్టలేరు. మన కాలువల మీద లాకుల దగ్గర పడవ ఆగినట్టే ఇదీ: మొదటి తలుపు పని పూర్తయితే గానీ రెండోది తెరుచుకోదు, పడవవాడు ఎంత తొందరపడినా నీటిమట్టం తొందరపడదు. శాఖ మేనేజరును అడిగినా ఈ గడియారాన్ని ముందుకు తిప్పే మీట ఆయన దగ్గర ఉండదు.

సిమ్ బతికి ఉండి ఫోను మాత్రమే మారితే మొదటి రోజు ఆపు ఉండదు. అందుకే నీళ్లలో పడిన ఫోను నుంచి సిమ్ బయటికి తీయగలిగితే, కొత్త సిమ్‌కు పరుగెత్తకుండా ముందు పాతదాన్నే తుడిచి ఆరబెట్టి వేరే ఫోనులో వేసి చూడమంటాను. నీళ్లలో పడిన సిమ్ చాలాసార్లు బాగానే పనిచేస్తుంది.

ఆ ఐదు వేల పరిమితి ఎవరిని కాపాడుతుంది

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒక పెద్దాయన కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు వదిలేస్తున్నాను. మధ్యాహ్నం పూట ఆయనకు ఒక కాల్ వచ్చింది, "మీ కేవైసీ ఆగిపోయింది, ఈ రోజే సరిచేయాలి" అని. ఆయన తెలివిగలవారే, ఓటీపీ మాత్రం చెప్పనని ముందే తేల్చిచెప్పారు. అవతలివాడు "ఓటీపీ అక్కర్లేదండీ, నేను మీకో మెసేజ్ పంపుతాను, దాన్ని నేను చెప్పిన నంబరుకు తిరిగి పంపండి చాలు" అన్నాడు. ఆ మెసేజులో అర్థంలేని అక్షరాల వరుస ఉంది. ఆయన పంపారు.

పైన చెప్పిన బయటికి వెళ్లే సందేశం అదే. మోసగాడు తన ఫోనులో యాప్ తెరిచి, ఆ యాప్ తయారుచేసిన అక్షరాలను ఆయన సిమ్ నుంచి పంపించాడు. వ్యవస్థకు తెలిసింది ఒక్కటే: సరైన అక్షరాలు సరైన నంబరు నుంచి వచ్చాయి. అంతటితో మోసగాడి ఫోను ఆయన ఖాతాకు నమ్మిన పరికరం అయిపోయింది. తరువాత "కార్డు మీ దగ్గరే ఉందో లేదో చూడాలి" అని కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడిగాడు. అప్పటికి పావుగంటగా మాట్లాడుతుండడంతో నమ్మకం కుదిరి, కొత్త యూపీఐ పిన్ పెట్టడానికి వచ్చిన ఓటీపీని కూడా ఆయన చదివేశారు.

ఖాతాలో కొబ్బరి లారీ తాలూకు డబ్బు ఉంది. మోసగాడు మొదట పెద్ద మొత్తానికే ప్రయత్నించాడు, రెండుసార్లు. రెండూ తిరస్కరించబడ్డాయి, పరికరం కొత్తది కాబట్టి. చివరికి 5,000 తీసుకుని, మర్నాటి కోసం ఎదురుచూశాడు. ఆయన ఫోనుకు డబ్బు పోయినట్టు సందేశం వచ్చింది. వెంటనే ఆయన కొడుకు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి, ఆ తరువాత బ్యాంకుకు ఫోన్ చేశాడు. ఆ పరికరాన్ని అదే సాయంత్రం తొలగించాం. మీరు విసుక్కున్న పరిమితే అక్కడ మిగిలిన డబ్బును నిలబెట్టింది.

ఇక్కడ బాధ్యత సంగతి కూడా చెప్పాలి. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, ఖాతాదారు తానే రహస్య వివరాలు చెప్పడం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా పోయినది ఖాతాదారే భరించాలి. తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకు భరించాలి. ఆ 5,000 ఆయనకు బ్యాంకు నుంచి రాలేదు. ఆయన వాదన ఇది: "నాకొచ్చింది చెబితే తప్పన్నారు గానీ, నేను పంపేది తప్పని ఎవరూ చెప్పలేదు కదండీ." ఆ మాటలో న్యాయం ఉంది. బ్యాంకుల ప్రచారమంతా ఓటీపీ చెప్పవద్దు అనే దగ్గరే ఆగిపోయింది. అర్థంకాని అక్షరాలున్న మెసేజును ఎవరు చెప్పినా, ఏ నంబరుకూ మీ చేత్తో పంపకండి. ఆ సందేశం పంపవలసినది మీ ఫోనులోని యాప్ మాత్రమే.

ఇలా జరిగిందని తెలుసుకునే గుర్తు ఒకటి ఉంది. మోసగాడు మీరు వాడే యాప్‌నే తన ఫోనులో పెట్టుకుంటే, మీ ఫోనులోని యాప్ మీరేమీ చేయకుండానే బయటికి వచ్చేసి, మళ్లీ నమోదు చేసుకోమంటుంది. అతడు వేరే యాప్ వాడితే ఈ గుర్తు కనిపించదు. అప్పుడు బ్యాంకు నుంచి వచ్చే "కొత్త పరికరం నమోదైంది" అనే ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ ఒక్కటే ఆధారం. ఆ సందేశాన్ని ప్రచార మెసేజులతో కలిపి చెరిపేయవద్దు.

ఊరు మారితే ఎందుకు అడుగుతుంది

మీరు ఊరి గురించి నేరుగా అడగలేదు గానీ, మీ అబ్బాయి కంప్యూటర్ సంగతి అర్థం కావాలంటే ఇది తెలియాలి. లాగిన్ ఎక్కడి నుంచి జరిగిందో బ్యాంకు ముఖ్యంగా ఐపీ చిరునామాను, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే సంఖ్యను, బట్టి అంచనా వేస్తుంది. అది చాలా మోటు అంచనా. మీరు ఆకివీడులో ఉన్నా, మీ మొబైల్ డేటా బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండవచ్చు. అందుకే "నేను ఊరు దాటలేదు, హైదరాబాదు నుంచి లాగిన్ అని మెసేజ్ వచ్చింది" అని కంగారుపడేవారు చాలామంది. పక్క జిల్లాకు వెళ్లారా అన్నది బ్యాంకు పట్టించుకోదు. వేరే దేశమా, ఇంతవరకూ ఎన్నడూ కనిపించని నెట్‌వర్కా, ఉన్నచోటు కనిపించకుండా దాచే వీపీఎన్ వెనుక నుంచి వస్తున్నారా అన్నవే లెక్కలోకి వస్తాయి.

పైగా ఊరు ఒక్కటే ఎవరినీ ఆపదు. కోనసీమవాళ్లు యానాం వెళ్లి పెట్రోలు పోయించుకుంటే రికార్డులో పుదుచ్చేరి అని పడవచ్చు, కానీ అది వాళ్లకు అలవాటైన ఖర్చు కాబట్టి వ్యవస్థ అభ్యంతరపెట్టదు. అదే మనిషి కొత్త ఫోను నుంచి, పాస్‌వర్డ్ మార్చిన గంటలోనే, అర్ధరాత్రి వేళ, ఎన్నడూ పంపని వ్యక్తికి రెండు లక్షలు పంపబోతే, ఆ గుర్తులన్నీ కలిసి అనుమానం గీత దాటిస్తాయి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన ఆదేశాలు కూడా ఈ పద్ధతినే చెబుతాయి. ప్రతి డిజిటల్ చెల్లింపుకూ కనీసం రెండు ధ్రువీకరణలు ఉండాలని, ఆపైన లావాదేవీ ప్రమాదాన్ని బట్టి స్థలం, పరికరం, ఖాతాదారు అలవాట్లు, గత లావాదేవీల తీరు చూసి అదనపు తనిఖీ చేయవచ్చని వాటిలో ఉంది. ఆ ఆదేశాలు పాటించకుండా జరిగిన లావాదేవీలో నష్టం వస్తే బ్యాంకే పూర్తిగా భరించాలని కూడా ఉంది. బ్యాంకులు తనిఖీ విషయంలో ఎందుకు కాస్త అతిగా పోతున్నాయో ఈ చివరి వాక్యం చదివితే తెలుస్తుంది.

స్థలం నిజంగా ఇబ్బంది పెట్టేది గల్ఫ్ కుటుంబాలను. రాజోలులో భార్య, కువైట్‌లో భర్త, ఇద్దరూ జాయింటు ఖాతాకు ఒకే యూజర్ ఐడీ వాడుతుంటారు. ఆమె ఉదయం లాగిన్ అయిన అరగంటకు అతను అక్కడ లాగిన్ అవుతాడు. ఒక మనిషి అరగంటలో రాజోలు నుంచి కువైట్ చేరలేడు కాబట్టి వ్యవస్థ లాగిన్‌కు తాళం వేస్తుంది. అతను వీపీఎన్ పెట్టుకుని, దాన్ని ఆపకుండానే బ్యాంకు తెరిస్తే ఇంకా గందరగోళం, కువైట్ కాస్తా ఇంకేదో దేశమైపోతుంది. దీనికి పరిష్కారం నమ్మిన పరికరం సెట్టింగు కాదు. జాయింటు ఖాతాలో ఇద్దరికీ విడివిడిగా నెట్ బ్యాంకింగ్ ఐడీ ఇవ్వమని శాఖలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరైనా ఒకరు నడపవచ్చు అనే షరతు ఉన్న ఖాతాలకు ఇది మామూలుగా దొరుకుతుంది.

కంప్యూటర్లో పెట్టే టిక్

బ్రౌజరులో Trust this device అని టిక్ పెడితే బ్యాంకు ఆ బ్రౌజరులో కుకీ అనే చిన్న గుర్తును దాస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఆ కుకీ ఉందా, బ్రౌజరు రకం, కంప్యూటర్ రకం, టైమ్ జోన్ వంటివి ఇదివరకటిలాగే ఉన్నాయా అని చూసి, అన్నీ సరిపోతే లాగిన్‌లో అదనపు ప్రశ్న మానేస్తుంది. ఫోనులో ఉన్నట్టు చిప్పు లోపలి చెవి కాదు కాబట్టి ఇది బలహీనమైన నమ్మకం. అందుకే దాన్ని కొంతకాలానికే పరిమితం చేస్తారు, లాగిన్ దాటి లోపలికి రానివ్వరు.

మీ అబ్బాయి కంప్యూటర్లో ప్రతిసారీ అడగడానికి కారణం ఈ మూడింటిలో ఒకటై ఉంటుందని నా అంచనా: బ్రౌజరు మూసినప్పుడల్లా కుకీలు చెరిపేసే సెట్టింగు ఉండడం, మూసేయగానే గుర్తులన్నీ చెరిపేసే ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవడం, ఒకసారి ఒక బ్రౌజరులో మరొకసారి ఇంకొక బ్రౌజరులో తెరవడం. పరీక్షించడం తేలిక. ఒకే బ్రౌజరులో మామూలు కిటికీలో టిక్ పెట్టి, బయటికి వచ్చి, బ్రౌజరు పూర్తిగా మూసి, మళ్లీ లాగిన్ అయి చూడండి. అప్పుడు లాగిన్‌లో అడగకుండా, డబ్బు పంపేటప్పుడు మాత్రమే ఓటీపీ అడిగితే అది సరిగానే పనిచేస్తున్నట్టు. అప్పటికీ లాగిన్‌లో అడుగుతుంటే ఆ బ్యాంకు ఆ టిక్‌ను ఒక్క రోజుకే గౌరవిస్తుందేమో వాళ్లనే అడగాలి.

నా మట్టుకు నేను, మీది కాని కంప్యూటర్లో ఆ టిక్ పెట్టవద్దనే చెబుతాను. అబ్బాయి మీద అనుమానంతో కాదు. ఆ కంప్యూటర్లో ఇంకెవరు ఏ సాఫ్ట్‌వేర్ వేశారో మీకు తెలియదు. నెట్ సెంటర్లో అయితే మాట్లాడవలసిన పనే లేదు.

పరికరాల జాబితా

చాలా బ్యాంకు యాప్‌లలో ప్రొఫైల్ లేదా భద్రతా సెట్టింగుల లోపల నమోదైన పరికరాల జాబితా ఉంటుంది. పేర్లు బ్యాంకును బట్టి మారతాయి, Manage Devices అనో Registered Devices అనో కనిపిస్తుంది. అక్కడ ఫోను మోడల్, నమోదైన తేదీ, చివరిగా వాడిన తేదీ ఉంటాయి. నీళ్లలో పడిన మీ పాత ఫోను ఇంకా ఆ జాబితాలో ఉంటే, దాన్ని రిపేరు షాపుకు ఇచ్చే ముందే తొలగించండి. తడిసిన ఫోను ఆరిన తరువాత లేస్తే, ఆ చెవి దానిలో అలాగే ఉంటుంది. సిమ్ లేకపోయినా కొన్ని యాప్‌లు వైఫైలో తెరుచుకుంటాయి, అప్పుడు మీకూ షాపువాడికీ మధ్య ఉన్నది ఎంపిన్ ఒక్కటే.

మీరు గుర్తుపట్టని మోడల్ జాబితాలో కనిపిస్తే తొలగించడంతో ఆపవద్దు. ఎంపిన్, యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మూడూ మార్చి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి. అయితే తేదీ చూడకుండా కంగారుపడకండి. యాప్‌ను తీసి మళ్లీ పెట్టినవారి జాబితాలో అదే ఫోను రెండుసార్లు కనిపించడం మామూలే. కొన్ని ఫోన్లు దుకాణంలో చెప్పిన పేరుతో కాకుండా కంపెనీ మోడల్ సంఖ్యతో కనిపిస్తాయి. ఫోను సెట్టింగుల్లో About phone తెరిస్తే ఆ సంఖ్య తెలుస్తుంది.

ఇప్పుడు మీ మేత బాకీ

గడువు తీరేదాకా ఆగలేకపోతే రెండు దారులున్నాయి. నెట్ బ్యాంకింగ్‌లో మేత డీలరు పేరు ఇదివరకే చేర్చి ఉంటే అక్కడి నుంచి పంపవచ్చు, యూపీఐ పరిమితి దానికి వర్తించదు. కానీ ఓటీపీ రావాలి కాబట్టి సిమ్ తాలూకు 24 గంటలు మాత్రం తప్పవు. డీలరును కొత్తగా చేర్చవలసి వస్తే అక్కడ కూడా బ్యాంకును బట్టి కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా ఆపు, తొలి రోజు తక్కువ పరిమితి ఉంటాయి. రెండో దారి శాఖ. చెక్కు పట్టుకుని వెళ్లి ఫారం మీద నెఫ్ట్ రాస్తే సరిపోతుంది, రెండు లక్షలు లేదా ఆపైన అయితే ఆర్‌టీజీఎస్ కూడా చేస్తారు. దీనికి మీ ఫోనుతో పనిలేదు. ఇక్కడ మిమ్మల్ని గుర్తుపట్టేది మీ సంతకం. చెరువుల సీజనులో పెద్ద మొత్తాలు కట్టే రైతులు చెక్కుబుక్కును పూర్తిగా మరిచిపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇకముందు ఫోను మార్చవలసి వస్తే, పట్టుబడి రోజునో, చెరువులో పిల్ల వేసే రోజునో కాకుండా చెల్లింపులేమీ లేని రెండు రోజులు చూసి మార్చండి. పాత ఫోను బతికే ఉంటే పెద్ద చెల్లింపులు దానిలోనే ముగించి, ఆ తరువాత సిమ్‌ను కొత్త ఫోనులోకి మార్చండి. నమోదు చేసేటప్పుడు బ్యాంకు నంబరున్న సిమ్‌లో ఎస్సెమ్మెస్ పంపగల రీచార్జి ఉందో లేదో చూడండి. రెండు సిమ్ముల ఫోను అయితే మెసేజులు పంపే సిమ్‌గా దాన్నే ఎంచుకోండి. కొత్త ఫోనులో నమోదు విఫలమైనవారిలో చాలామందికి సందేశం రెండో సిమ్ నుంచి వెళ్లడమే కారణం.

నమోదైన నాటి నుంచి 24 గంటలు, ఐఫోను అయితే 72 గంటలు దాటినా పరిమితి తొలగకపోతే అప్పుడది మామూలు ఆపు కాదు, ఖాతా మీద వేరే అనుమానపు గుర్తు పడి ఉండవచ్చు. శాఖకు వెళ్లి "యాప్ పనిచేయడం లేదు" అనకుండా, పరికరం నమోదైన తేదీ, వేళ, తిరస్కరణలో కనిపించిన సందేశం రాసి ఇచ్చి, ఖాతా మీద ప్రమాద నియంత్రణ పడిందేమో చూడమనండి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ మొదట అడిగేది ఆ ఫిర్యాదు సంఖ్యనే.